క్వింటాలు వడ్లకు అసలు ఖర్చెంత?

ప్రశ్న: యాసంగిలో ఎకరం వరి నాటాను. విత్తనం 1,200, దుక్కి, దమ్ము 6,500, నాట్లు 6,000, కలుపు 2,000, నాలుగుసార్లు మందు కొట్టినందుకు 4,500, కోత 3,500. ఎరువులకు (డీఏపీ 2, 20-20 ఒకటి, యూరియా 3 బస్తాలు) 4,800. మొత్తం 28,500 రూపాయలు. 24 క్వింటాళ్లు పండింది. ఎరువుల ధరల వల్లే గిట్టడం లేదు. ఖర్చు ఎలా తగ్గించాలి? – నల్గొండ జిల్లా రైతు

జవాబు: ముందు లెక్క సరిచేసుకోండి. మీ అంకెల ప్రకారం క్వింటాలుకు 1,188 రూపాయలు. కానీ అందులో ఇంటి మనుషుల కూలి లేదు, నీటి ఖర్చూ లేదు. కరెంటు ఉచితమైనా మోటారు కాలితే డబ్బు మీదే. నీళ్లు కట్టడం, గట్లు చెక్కడం కలిపి 12 కూలి దినాలు, దినానికి 500 చొప్పున 6,000, మోటారు మరమ్మతుకు 1,500 వేసుకున్నా మొత్తం 36,000 అవుతుంది. అంటే క్వింటాలుకు 1,500. కౌలు ఉంటే అదీ కలపాలి.

ఇక ఎరువుల మాట. మీకు దెబ్బ కొట్టింది ధర కాదు, మోతాదు. మీరు వేసిన బస్తాల్లో నత్రజని దాదాపు 90 కిలోలుంది. ఎకరం యాసంగి వరికి సిఫారసు 48 కిలోలే. భాస్వరం 24 కిలోలు కావాల్సిన చోట 56 పోశారు, పొటాష్ అసలు వేయలేదు. నత్రజని ఎక్కువై పైరు నల్లగా ఏపుగా పెరిగితే సుడిదోమ, అగ్గితెగులు వస్తాయి. మందుల ఖర్చులో చాలా భాగం ఆ యూరియా బస్తాల్లోనే మొదలైందని నా అనుమానం.

ఎకరానికి డీఏపీ ఒక బస్తా, యూరియా రెండు బస్తాలు, పొటాష్ 27 కిలోలు చాలు. ఖర్చు సుమారు 2,800. డీఏపీ మొత్తం ఆఖరి దమ్ములోనే వేయాలి. భాస్వరం నేలలో కదలదు కాబట్టి పైపాటుగా డీఏపీ, 20-20 చల్లితే వేరుకు సరిగా అందదు. డీలరు చెప్పాడని నాటిన నెలకు కాంప్లెక్స్ చల్లడం మానేయండి, ఆయన అమ్మేది బస్తాలు. యూరియాను మూడు సమభాగాలు చేసి ఆఖరి దమ్ములో, పిలకలు వేసేటప్పుడు, అంకురం దశలో వేయండి. పైపాటుకు ముందు నీరు తీసి, బురద పదునులో చల్లి, రెండు రోజులకు పలుచగా నీరు పెట్టండి. పొటాష్ సగం దమ్ములో, సగం అంకురం దశలో వేయాలి.

సుడిదోమ పిలక దశలో దుబ్బుకు 10-15, ఈనిక దశలో 20-25 కనిపిస్తేనే మందు కొట్టండి. దుబ్బులు వంచి మొదట్లో చూడాలి. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి ఆడుతుంది.

నాలుగు పిచికారీలు రెండయితే మందుల్లో 2,250, ఎరువుల్లో 2,000 మిగులుతాయి. అదే 24 క్వింటాళ్లు పండినా క్వింటాలు ఖర్చు 1,323కి దిగుతుంది. కోత కాగానే మట్టి నమూనా తీసి పరీక్షకు పంపండి. అందులో భాస్వరం ఎక్కువని వస్తే డీఏపీ ఇంకా తగ్గించవచ్చు.