మ్యాట్ వేయించండి, స్పాట్ యూవీ మాత్రం అక్షరాల మీద వద్దు

"వైజాగ్‌లో 500 కాపీల కథల పుస్తకం వేయిస్తున్నాను, డెమ్మీ సైజు. కవర్‌కి మ్యాటా, గ్లాసా? స్పాట్ యూవీ, ఎంబాసింగ్ కూడా పెడితే ఎంత తేలుతుంది?"

రెండేళ్ల క్రితం మా అమ్మ కథలు ఇదే సైజులో, ఇన్నే కాపీలు ఇక్కడే వేయించానండి. అప్పుడు నాకు చెప్పిన రేటు కవరుకి గ్లాస్ లామినేషన్ రూపాయి పావలా, మ్యాట్ రూపాయిన్నర. మొత్తం మీద తేడా 125 రూపాయలే కాబట్టి అక్కడ ధర చూడక్కర్లేదు. అయితే మీ కవర్ నలుపో ముదురు నీలమో అయితే మ్యాట్ మీద వేలిముద్రలు, గీతలు బాగా కనిపిస్తాయి. అలాంటి రంగులకి గ్లాసే మేలు.

లెక్క మారేది మిగతా రెండింటి దగ్గర. కవర్‌లో కావలసిన చోట మాత్రమే మెరిసే వార్నిష్ వేసే స్పాట్ యూవీకి స్క్రీన్ తయారీ 600, ఆపైన కవరుకి రెండున్నర, అంటే కాపీకి 3.70 పడింది. అక్షరాలో బొమ్మో ఉబ్బెత్తుగా లేచేలా ఒత్తే ఎంబాసింగ్‌కి బ్లాక్ 1,800, ఒత్తినందుకు కవరుకి రూపాయిన్నర, కాపీకి 5.10 అన్నారు. బ్లాక్ ఖర్చు ఎన్ని వేసినా ఒక్కటే. అదే 2,000 కాపీలైతే ఎంబాసింగ్ 2.40కి, స్పాట్ యూవీ 2.80కి వచ్చేవి. 500కి దండగనిపించి ఎంబాసింగ్ మానేశాను.

స్పాట్ యూవీ మ్యాట్ మీదే అందం. గ్లాస్ మీద వేస్తే మెరుపులో మెరుపు కలిసిపోతుంది. నేను చేసిన తప్పు దాన్ని పుస్తకం పేరు మీద వేయించడం. వార్నిష్ అర మిల్లీమీటరు పక్కకి జరిగింది. కవర్‌ని ఏటవాలుగా వెలుతురుకి పట్టి చూస్తే ప్రతి అక్షరం పక్కన ఇంకో అక్షరం అంచు మెరుస్తూ ఉంది, వత్తుల్లోని సందులు వార్నిష్‌తో పూడిపోయాయి. లామినేషన్ వేడికి, ఒత్తిడికి షీటు కొంచెం సాగుతుంది, పైగా స్క్రీన్ కింద షీటు పెట్టేది చేత్తో. ఆ మాత్రం జరగడం మామూలే. తెలుగు తలకట్లు, వత్తులు సన్నగా ఉంటాయి కాబట్టి మనకే ఎక్కువ తెలుస్తుంది. పడవో ఆకో, అలాంటి పెద్ద బొమ్మ మీద వేయించండి, అంచుకి కాస్త లోపలే ఆపమనండి. ఫైల్‌లో ఆ భాగం ఒక్కటే వేరే పేజీలో 100% K నలుపుతో ఇవ్వాలి.

ఇంకొకటి, మన సముద్రం గాలి. మేముండేది ఎంవీపీ కాలనీలో. వానాకాలంలో కవర్లు బయటికి చుట్టుకుని లేచాయి. లోపలి వైపు కాగితం తేమ పీల్చి సాగుతుంది, బయట లామినేషన్ ఫిల్మ్ సాగదు, అదీ కారణం. 300 జీఎస్ఎం కార్డు తీసుకుని, కాగితం గ్రెయిన్, అంటే దాని పీచులు సాగే దిశ, పుస్తకం వెన్నుకి సమాంతరంగా ఉండేలా కోయమని ముందే చెప్పండి. కట్టలు ఇంటికి రాగానే ప్లాస్టిక్ కవర్ విప్పకుండా, పైన బరువు పెట్టి ఉంచండి.