‘ఐదే మిగిలాయి’ అన్న అమ్మాయికి

విజయనగరం

అమ్మాయీ,

బట్టల షాపు దసరా ప్రకటనలకని నువ్వు రాసి పంపిన పంతొమ్మిది వాక్యాలూ చదివాను. వాటికంటే ఎక్కువసేపు చూసింది మాత్రం వాటితోపాటు పంపిన ఫోటోని. బల్ల మీద ఒక పొందూరు పంచె పరిచి, దాని మీద నీ వాక్యం ముద్రించావు: “కేవలం 5 మాత్రమే మిగిలాయి! త్వరపడండి!” బాగానే ఉంది. వెనుక అర కూడా ఫోటోలో పడిందని చూసుకోలేదు నువ్వు. కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెట్టాను. పై వరసలోనే అవే పంచెలు 23 ఉన్నాయి. కింది వరస నీ వేలు అడ్డం పడి కనిపించలేదు.

నాకు కోపం వచ్చిన మాట నిజం. అబద్ధం రాశావని కాదు, లెక్కపెట్టకుండా రాశావని. “ఐదు” అన్న అంకె ఎక్కడి నుంచి తెచ్చావు? షాపు యజమాని చెప్పాడా, లేక ఎక్కడో ఆన్‌లైన్ ప్రకటనలో చూసి ఎత్తుకున్నావా? రెండోదే అయి ఉంటుంది. ఐదు, మూడు, రెండు: ఈ అంకెలన్నీ అక్కడివే. ఏ బట్టల షాపులోనూ సరుకు ఎప్పుడూ అంత చక్కగా ఆ అంకెల్లోనే మిగలదు.

ముందు సరుకు సంగతి. పొందూరు సన్నఖద్దరు చేతితో వడికి, చేతితో నేసేది. అక్కడి వాళ్ళు ఇప్పటికీ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ పళ్ళ వరసలో పత్తి శుభ్రపడి, పోగు సన్నగా వడకడానికి అనువుగా వస్తుంది. అలాంటి సరుకు అడిగినంత, అడిగినప్పుడు రాదు. అంటే నీ దగ్గర నిజమైన కొరత ఉంది! దాని కారణం కూడా ఉంది. అది వదిలేసి దొంగ ఐదు పట్టుకున్నావు. నేను నలభై ఏళ్ళుగా మొండిగా పట్టుకుని ఉన్న మాట ఒకటుంది: సరుకు తక్కువని రాస్తే, ఎందుకు తక్కువో ఆ పక్కనే రాయగలగాలి. కారణం రాయలేకపోతే వాక్యం కొట్టెయ్యాలి. మిల్లు చీరకు కారణం ఉండదు, ఫోను చేస్తే ఎల్లుండి మళ్ళీ బేలు దిగుతుంది. అలాంటి దానికి “పరిమిత స్టాకు” అని రాసేవాళ్ళతో నేను కలిసి కాఫీ కూడా తాగను.

ఇక అంకె. ఇక్కడ నేనూ దెబ్బతిన్నాను కనుక నెమ్మదిగా చెబుతాను. నీ షాపుకు వెళ్ళి స్టాకు రిజిస్టరు అడిగాననుకో. 60 పంచెలు వచ్చినట్టు ఉంటుంది. ఆ 60 నువ్వు అమ్మగలిగినవి కావు. పాత ఖాతాదారులు అడ్వాన్సు ఇచ్చి పక్కన పెట్టించుకున్నవి 12 ఉన్నాయనుకుందాం. అద్దాల బీరువాలో ఎండకు రంగు మారుతున్నవి రెండు, వాటిని కొత్తవాటితో కలిపి లెక్కలో చూపకూడదు. మిగిలింది 46. సోమవారం ఉదయం షాపు తెరిచేటప్పుడు ఇది నిజం. నువ్వు “46 మాత్రమే” అని కరపత్రం రాసి ప్రెస్సుకు పంపుతావు. అది అచ్చయి, పత్రికల మధ్య దూరి ఇళ్ళకు చేరేసరికి గురువారం. రోజుకు ఏడు చొప్పున పోతే అప్పటికి మిగిలేది 25. గజపతినగరం నుంచి బస్సెక్కి శనివారం వచ్చినవాడికి పది కూడా దొరుకుతాయో లేదో. రాసినప్పుడు నిజమైన అంకే, చదివినప్పుడు అబద్ధం అయిపోయింది.

అందుకని కరపత్రంలో మిగిలిన అంకె వెయ్యకు. వచ్చిన అంకె వెయ్యి. “ఈ దసరాకు పొందూరు నుంచి 60 పంచెలు వచ్చాయి” అన్నది ఆ సోమవారం నిజమే, వచ్చే సంక్రాంతికీ నిజమే. చదివినవాడు 60 అంటే ఎంత త్వరగా అయిపోతాయో తనే లెక్క వేసుకుంటాడు. వాడికి లెక్కలు వచ్చు, నువ్వు భుజం పట్టి తొయ్యక్కర్లేదు. మిగిలిన అంకెకు చోటు షాపు గుమ్మంలోని పలక, రోజూ మార్చే వాట్సాప్ స్టేటస్. అక్కడ కూడా లెక్కపెట్టిన రోజూ వేళా వెయ్యాలి: “గురువారం ఉదయం 10 గంటలకు 25 ఉన్నాయి.” వాట్సాప్ మెసేజి ఒకరి నుంచి ఒకరికి ఎగిరి దీపావళి నాడు ఎవరి ఫోనులోనో తేలుతుంది. దాని మీద తేదీ ఉంటే పాతదని తెలుస్తుంది. లేకపోతే నీ షాపు గుమాస్తా ఆ మనిషికి సమాధానం చెప్పుకోవాలి. ఇంకొకటి: అయిపోయిన రోజున “అయిపోయాయి, తరువాతి విడత తేదీ ఇంకా తెలియలేదు” అని కూడా పెట్టాలి. ఈ మెసేజి పెట్టడానికి యజమానులు ఒప్పుకోరు. ఒప్పించు. ఒకసారి “అయిపోయాయి” అన్నవాడు మరోసారి “ఉన్నాయి” అంటే జనం లేచి వస్తారు.

నా మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది. పెద్ద పత్రికలో ఒక షాపుకు “120 చీరలు వచ్చాయి, ఫలానా కారణంగా ఇక రావు” అని రాసిచ్చాను. ప్రకటనల విభాగంలో ఒక పెద్దమనిషి దాన్ని కొట్టేసి “పరిమిత సంఖ్యలో! ఆలసించిన ఆశాభంగం!” అని వేశాడు. అంకె ఉంటే పేదగా కనిపిస్తుందట. ఆ “ఆలసించిన ఆశాభంగం” అన్న రెండు ముక్కలూ ఈ జిల్లాలో సినిమా పోస్టరు మీదా, దుప్పట్ల ఎగ్జిబిషన్ మీదా, పళ్ళపొడి మీదా అన్నిటి మీదా అంటించి అరగదీశారు. ఎంత తిన్నా ఆకలి తీరని మాట అది. ఎప్పుడు ఆలసించినా ఎవరికీ ఆశాభంగం కాలేదు, మర్నాడు అదే ధర ఉండేది. నీ ఎనిమిదో వాక్యంలో అది కనిపించింది. కొట్టెయ్యి.

ఇంకో సంగతి చెప్పాలి, చెప్పడం కష్టమైనా. కుర్రతనంలో ఒక బట్టల ఎగ్జిబిషన్‌కు రిక్షాలో మైకు పట్టుకుని తిరిగాను. రాసిందీ నేనే, అరిచిందీ నేనే. “ఈ ఆదివారమే ఆఖరు!” మూడు ఆదివారాలు అదే అరిచాను. మూడో వారం మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒక పల్లెటూరి ఆవిడ రిక్షా ఆపింది. మొదటి ఆదివారం నాడు, ఆఖరని విని, నూటికి మూడు వడ్డీకి అప్పు తెచ్చి పిల్లలకు బట్టలు కొన్నదట. కూలి డబ్బులు ఆ మరుసటి శనివారమే చేతికొచ్చాయట. నన్ను తిడుతుందని చూశాను. ఆవిడ అడిగింది ఒక్కటే: “మళ్ళీ పెట్టారా బాబూ?” నేను అబద్ధం ఆడానన్న అనుమానమే ఆవిడకు లేదు. మూసేసి మళ్ళీ తెరిచామనుకుంది. నేను అవునన్నాను.

సరే. గడువుల గురించి అడిగావు. “అక్టోబరు 10 వరకు” అని రాశావు. పదో తేదీ అందులో ఉన్నట్టా, లేనట్టా? మన భాషలో “వరకు” రెండు విధాలా చెల్లుతుంది. బిల్లు బల్ల దగ్గర తగాదాలు సగం ఇక్కడే పుడతాయి. తేదీ, వారం, వేళ మూడూ రాయి: “10వ తేదీ శనివారం రాత్రి 9 గంటలకు షాపు మూసేదాకా.” మర్నాడు ధర మారుతుందా అని యజమానిని రాతపూర్వకంగా అడుగు. “చూద్దాం” అంటే అది గడువు కాదు. వెబ్‌సైటులో తిరిగే గడియారం పెడదామన్నావు కదా, దానికీ ఇదే పరీక్ష. పదిహేను నిమిషాలు అయిపోయాక పేజీని మళ్ళీ తెరువు, లేదా మీ అమ్మ ఫోనులో తెరువు. మళ్ళీ పదిహేను నుంచి మొదలైతే అది గడియారం కాదు, రంగులరాట్నం.

నా ముసలి చాదస్తం అనుకుంటావేమో, చట్టం కూడా ఇదే అంటోంది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళను మాయ చేసే 13 పద్ధతులు అందులో ఉన్నాయి. మొదటిదే తప్పుడు తొందర: ఉన్నదానికంటే సరుకు తక్కువని చూపడం, లేని గిరాకీని ఉన్నట్టు చూపడం. నీ “37 మంది ఇప్పుడే చూస్తున్నారు” అన్నది అచ్చంగా ఆ రెండో రకం. దానికి ముందు 2022లో వచ్చిన ప్రకటనల మార్గదర్శకాలు ఇంకో వైపు నుంచి పట్టుకుంటాయి: గిరాకీకి తగ్గ సరుకు ఉండదని ముందే తెలిస్తే, స్టాకు పరిమితమని స్పష్టంగా చెప్పి తీరాలి. అంటే ఉన్న కొరత దాచకూడదు, లేని కొరత చూపకూడదు. ఎర వేయడానికి ఆరు చీరలు సగం ధరకు పెట్టి ఊరంతా మైకు పెట్టేవాళ్ళు ఈ 2022 మార్గదర్శకాల్లో చిక్కుతారు.

“కొత్త బట్టలు లేకుండా మీ పిల్లలకు పండుగా?” అన్న పన్నెండో వాక్యం గురించి ఏమీ రాయను. నువ్వే మళ్ళీ చదువుకో.

ఇప్పుడు పద్నాలుగోది. దాన్ని నువ్వు పెన్నుతో కొట్టేశావు, అయినా చదవగలిగాను: “జాకెట్టు గుడ్డ ఈ శనివారంలోగా తీసుకుంటే పక్క టైలరు సిరిమానుకు కుట్టి ఇస్తానన్నాడు.” కొట్టెయ్యడానికి నీకు చేతులెలా వచ్చాయి? పంతొమ్మిదిలో నిజమైన తొందర ఉన్నది అదొక్కటే. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను పండుగ. ముందురోజు తొలేళ్ళకే చుట్టాలు దిగుతారు. ఎవరూ ఆ తేదీని జరపలేరు, నీ యజమాని అసలే జరపలేడు. టైలరుకు ఉన్నవి రెండు చేతులు, ఒక మిషను. రోజుకు ఎన్ని జాకెట్లు కుట్టగలడో, ఇప్పటికే ఎన్ని గుడ్డలు కట్టకట్టి ఉన్నాయో అడుగు. రోజుకు నాలుగు కుడితే, చేతిలో 30 ఉంటే, ఎనిమిది రోజులు అవే పడతాయి. మంగళవారం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రా, శనివారం అన్నది సరైన గడువేనో కాదో తేలుతుంది. దానికి ఇంకొక్క ముక్క కలుపు: “కుట్టించుకోని చీరలకు తొందర లేదు, ధర పండుగ తరువాతా ఇదే.” ఇది కలిపితే యజమాని ముఖం మాడుతుంది. అయినా కలుపు, ధర నిజంగా అదే ఉంటేనే.

ఒక్కో వాక్యానికి ఎంత అడగాలన్నావు, ఇంగ్లీషులో కూడా రాయాలా అన్నావు. వాటి గురించి మీ నాన్నను అడుగు, నాకు డబ్బు అడగడం ఎప్పుడూ చేతకాలేదు.

రేపు షాపుకు వెళ్ళి ఆ కింది వరస కూడా లెక్కపెట్టు. అడ్వాన్సువి ఎన్నో, బీరువాలోవి ఎన్నో విడిగా రాసుకో. టైలరు లెక్క కూడా తీసుకుని వాక్యాలు మళ్ళీ పంపు. ఐదారు చాలు. శుక్రవారం సాయంత్రంలోగా వస్తే చూస్తాను. శనివారం పొద్దున్న బస్సుకు బొబ్బిలి వెళ్తున్నాను, మా అక్క ఇంటికి. తిరిగి వచ్చేది బుధవారం.

— బాబాయి