తర్పణం నీళ్లు ఎటు వదలాలి?

"మహాలయ అమావాస్యకి ఇంట్లోనే తర్పణం వదిలాను. నీళ్లు వేళ్ల చివర్ల నుంచి పడ్డాయి. నాన్నగారికి చేరినట్టేనా?"

వేళ్ల చివర దేవతీర్థం. అక్కడినుంచి వదిలింది దేవతలకు. పితృతీర్థం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంటుంది.

1. కుడి ఉంగరపు వేలికి దర్భ పవిత్రం పెట్టుకుని దక్షిణముఖంగా కూర్చోండి. ముందు పళ్లెంలో దర్భలు పరచండి.

2. చాలామంది మరిచేది ఇక్కడే: జంధ్యం అపసవ్యం చేయాలి. అంటే కుడి భుజం మీదుగా వేసుకుంటే ఎడమ చంక కింద వేలాడాలి. సంకల్పం సవ్యంలో మొదలవుతుంది కాబట్టి అలాగే ఉండిపోతుంది. మొదటి పేరు చెప్పేముందు ఓసారి తడిమి చూసుకోండి.

3. అరచేతిలో నల్లనువ్వులు, నీళ్లు తీసుకుని, బొటనవేలు ఎడంగా పెట్టి, చెయ్యి కుడివైపుకి వంచితే నీళ్లు ఆ సందులోంచి దర్భల మీద పడతాయి.

4. గోత్రం, పేరు చెప్పి ఒక్కొక్కరికి మూడుసార్లు: నాన్నగారికి "వసురూపం", తాతగారికి "రుద్రరూపం", ముత్తాతగారికి "ఆదిత్యరూపం", చివర "స్వధా నమస్తర్పయామి".

ఆ రూపాలు వదిలేయకండి. పితృదేవతలు ఏ జన్మలో ఉన్నా, ఈ వసు రుద్ర ఆదిత్యులే మనమిచ్చిన నీటినీ అన్నాన్నీ వాళ్లకి తగిన ఆహారంగా మార్చి అందిస్తారని నమ్మకం. గోత్రనామాలే చిరునామా.

5. అయ్యాక జంధ్యం సవ్యం చేసుకుని ఆచమనం చేయండి.