సశేషం ఎక్కడ వేయాలి

నల్లగొండ

తమ్ముడూ,

ఫ్లోరైడ్ నీళ్ల మీద నువ్వు రాసిన ఉపన్యాసం, దాన్ని ఆడియో భాగాలుగా విడగొట్టిన ప్రతి, రెండూ చదివాను. విషయంలో నేను వేలు పెట్టాల్సిందేమీ లేదు. చిక్కంతా నువ్వు కోసిన తీరులో ఉంది. గంటన్నర పాఠాన్ని పదిహేను నిమిషాల చొప్పున ఆరు ముక్కలు చేశావు. దాంతో మూడో భాగం పళ్ల మీద మరకల దగ్గర మొదలై, ఎముకల సంగతి సగంలో ఉండగా ఆగిపోయింది. నాలుగోది "అందుకే పటిక కలపమంటున్నారు" అంటూ మొదలైంది. ఎందుకు కలపమంటున్నారో దేవరకొండ బస్సులో కూర్చుని వినేవాడికి ఎలా తెలుస్తుంది?

గడియారం పక్కన పెట్టు. ప్రతి పేరా పక్కన అది ఏ ప్రశ్నకు జవాబో నాలుగు మాటల్లో రాసుకో. నీ ప్రతి మీద నేను రాసి చూశాను. మన నీళ్లలోకి ఇంత ఫ్లోరైడ్ ఎక్కడినుంచి వచ్చింది? ఒంట్లో చేరి ఏం చేస్తుంది? దాన్ని నీటి నుంచి ఎలా తీయాలి? తీసే పద్ధతి చేతిలో ఉన్నా కృష్ణా నీళ్లను గొట్టాల్లో ఎందుకు తెచ్చుకోవాల్సి వచ్చింది? ఈ నాలుగే తేలాయి. కాబట్టి భాగాలూ నాలుగే. ఒకటి పదహారు నిమిషాలు, మరొకటి ముప్పై అయినా నష్టం లేదు. ముప్పై మరీ ఎక్కువనిపిస్తే ఆ ప్రశ్న లోపల ఇంకో ప్రశ్న దాగి ఉందేమో వెతుకు. రాళ్ల భాగంలో అలాంటిది ఉంది: గ్రానైట్‌లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుందన్నది ఒక జవాబు, ఒకే ఊళ్లో రెండు బోర్ల నీళ్లు ఒకేలా ఎందుకు ఉండవన్నది మరో జవాబు. నీరు ఎంతకాలం రాతిని అంటిపెట్టుకుని ఉంది, అందులో క్షారగుణం ఎంత, కాల్షియం ఎంత తక్కువ అన్న వివరమంతా రెండోదాని కిందికి వస్తుంది. అక్కడ కోయవచ్చు. పేరా మధ్యలో మాత్రం వద్దు.

ఇక ప్రారంభం. వారపత్రికల సీరియళ్లకు పైన "జరిగిన కథ" అని వేసేవారు, చూసే ఉంటావు. బాగా రాసినవాళ్లు అందులో కథంతా చెప్పరు, ఈ వారానికి పనికొచ్చేంతే చెబుతారు. నువ్వు రాసింది చూడు:

"గత భాగంలో మనం ఫ్లోరైడ్ వల్ల పళ్లకు, ఎముకలకు కలిగే నష్టాల గురించి, 1937లో నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించిన వైద్యుల గురించి, నీటి ప్రమాణాల గురించి వివరంగా తెలుసుకున్నాం."

ఇది విషయసూచిక. దేని గురించి మాట్లాడావో చెప్పింది, ఏం చెప్పావో చెప్పలేదు. ఆ భాగం వినని వాడికి దీనివల్ల ఒక్క ముక్క కూడా తెలియదు, విన్నవాడికి అసలు అక్కర్లేదు. ఇలా రాస్తే ఎలా ఉంటుంది?

"తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే ఎదిగే పిల్లల పళ్ల మీద మరకలు వస్తాయి. పాళ్లు ఇంకా పెరిగి, ఏళ్ల తరబడి అవే నీళ్లు తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. అలా బిగుసుకున్న ఒంటిని మళ్లీ మామూలు చేసే మందు లేదు కాబట్టి, చేయగలిగిందంతా నీటి దగ్గరే చేయాలి."

మూడు వాక్యాలు, అర నిమిషం. చివరి వాక్యం నేరుగా పటిక దగ్గరికి తీసుకెళ్లింది, ఇక నువ్వు "ఈరోజు మనం" అని మొదలుపెట్టనక్కర్లేదు. 1937 ఎందుకు తీసేశానంటావా? ఈ భాగంలో దాని అవసరం ఎక్కడా రాలేదు. ఏది ఉంచాలో, ఏది తీయాలో తేల్చుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష అదొక్కటే. అందుకే ఈ మూడు వాక్యాలను అన్నిటికన్నా చివర రాయాలి, భాగం పూర్తయితే గానీ దానికి ఏం కావాలో తెలియదు.

ముగింపు మాత్రం ముందే ఖాయం చేసుకో. "ఆ అద్భుత రహస్యం వింటే మీరు ఆశ్చర్యపోతారు" అని రాశావు. పటిక, సున్నం కలపడంలో రహస్యమేముంది తమ్ముడూ? ఒక జవాబు విన్న మనిషికి వెంటనే పుట్టే సందేహాన్ని పట్టుకో. ఎముకల సంగతి విన్న ఇల్లాలు మొదట అడిగేది "మరిగించి తాగితే పోదా?" అనే. దాన్నే ముగింపు చేయి:

"మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలిన నీటిలో దాని పాళ్లు పెరుగుతాయి కూడా. మరి దాన్ని నీటి నుంచి విడదీసేది ఏది? మన జిల్లా పేరు పెట్టుకున్న పద్ధతి ఒకటి ఉంది. వచ్చే భాగంలో దాని సంగతి."

ఊరించాం గానీ ఉత్త చేతులతో పంపలేదు. మరిగిస్తే పోదన్న మాట వాళ్ల వంటింటికి ఇవాళే పనికొస్తుంది. ఒంగిపోయిన మనిషిని చూపించి "ఇతనికి ఏమైంది?" అని ఆపడం లాంటివి మాత్రం ఈ జిల్లాలో ఉండి మనం చేయకూడదు.

ఇక్కడ పటిక పేరు ఎందుకు ఎత్తలేదో గమనించు. "పటిక కలిపితే దిగుతుంది" అని చెప్పి ఆపితే, తర్వాతి భాగం కోసం ఆగకుండా బిందెలో ఒక ముక్క వేసి తిప్పేవాళ్లు ఉంటారు. ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షారగుణం ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది, పరీక్ష చేయకుండా తేలదు. సున్నం కలపాలి, బాగా తిప్పాలి, రేకులు కట్టి అడుగుకు దిగేదాకా గంట సేపైనా కదపకుండా ఉంచి పైన తేరిన నీరే తీసుకోవాలి. పాళ్లు తప్పితే అల్యూమినియం నీటిలో మిగిలిపోతుంది. అడుగున చేరిన మడ్డిలో ఫ్లోరైడ్ ఉంటుంది, దాన్ని బావి పక్కన పారబోయకూడదు. నువ్వు పద్ధతిని నాలుగో భాగంలో, ఈ జాగ్రత్తలను అయిదో భాగంలో పెట్టావు. చాలామంది ఏదో ఒక్క భాగమే వింటారు, అదీ ఏది దొరికితే అది. చేయమన్నదీ చేయవద్దన్నదీ ఒకే భాగంలో ఉండాలి. దానివల్ల అది మిగతావాటికన్నా పెద్దదైనా ఫరవాలేదు.

కోత అయ్యాక "ఇందాక", "పైన చెప్పినట్టు", "ఈ పటంలో చూస్తున్నట్టు" అన్న మాటల కోసం ప్రతి మొత్తం గాలించు. నాకు చాలానే దొరికాయి. ఉపన్యాసంలో "ఇందాక" అంటే పది నిమిషాల కిందటి మాట, ఇప్పుడది పోయిన వారం మాట. ఆ సంగతిని ఒక్క వాక్యంలో మళ్లీ చెప్పు, లేదా తీసేయి. పటం స్థానంలో ఊర్ల పేర్లు చెప్పు: మర్రిగూడ వైపు అంటే మన వాళ్లకు పటం అక్కర్లేదు. వేదిక మీది పెద్దలకు చెప్పిన నమస్కారాలు సరేసరి.

కృష్ణా నీళ్ల భాగం చివరిది కాబట్టి దానికి ఊరింపు పెట్టకు. చెప్పాల్సింది అయిపోయాక "త్వరలో మరో అంశంతో" అని తగిలించడం నువ్వు రాసిన ప్రతిలో ఉంది, కొట్టేశాను. ముందు రెండు, మూడు భాగాలు సరిచేసి పంపు. రాసింది కాదు, చదివి రికార్డు చేసింది పంపు. నీ గొంతులో అర నిమిషం దాటుతున్న ప్రారంభాలు ఏవో విని చెబుతాను.

మీ అన్న