అప్రైజల్ రికార్డింగ్‌ని రాసుకునేటప్పుడు "చూద్దాం"ని "చేస్తాను"గా మార్చకండి

ప్రశ్న: "మా మేనేజర్ సరే అన్నాకే అప్రైజల్ మాటలు రికార్డ్ చేశాను. యాభై నిమిషాలుంది. నా సొంత ఫైల్ కోసం ఒక పేజీలో రాసి పెట్టుకోవాలి. రేటింగులు, ఆయన చేస్తానన్న పనులు తప్పు పోకుండా ఎలా రాయాలి?"

ప్రతి రేటింగ్ పక్కన అది ఎవరిచ్చిన అంకె, ఖరారైందా లేదా అన్నది రాయండి. ప్రతి హామీ పక్కన ఆయన నోటి నుంచి వచ్చిన మాటనే రాయండి, మీకు అర్థమైన మాట కాదు. ఈ రెండూ సరిగ్గా ఉంటే మిగతా పేజీ ఎంత గజిబిజిగా ఉన్నా పనికొస్తుంది. ఈ రెండిట్లోనూ నేను తప్పు చేశాను, దానివల్ల ఏం పోయిందో చెప్తాను.

మూడేళ్ల కిందట నా అప్రైజల్ మార్చి 18న జరిగింది. మేనేజర్‌ని అడిగే రికార్డింగ్ పెట్టాను. ఆ రాత్రే కూర్చుని, టైమ్ కలిసొస్తుందని ఒకటిన్నర రెట్ల వేగంతో వింటూ పేజీ రాసేశాను. నాకు నాలుగు గోల్స్ ఉన్నాయి, వాటి వెయిటేజ్ 40, 30, 20, 10 శాతం. రేటింగులు వరుసగా 4, 4, 4, 5 అని రాశాను. కింద "ఫైనల్ రేటింగ్ 4" అని రాసి గీత గీశాను. చాలా సంతోషంగా పడుకున్నాను కూడా.

లెటర్ వచ్చేసరికి అందులో 3 ఉంది. ఆ పేజీ పట్టుకుని నేరుగా మేనేజర్ దగ్గరికి వెళ్లి "మీరు నాలుగు అన్నారు కదా" అని అడిగాను. ఆయన కోప్పడలేదు. "ఆ ముక్క ఒకసారి పెట్టు, ఇద్దరం విందాం" అన్నారు. మామూలు వేగంతో పెట్టాను. ఆయన అన్న మాటలు ఇవి: "మొత్తం లెక్కేస్తే మూడు పాయింట్ ఎనిమిది వస్తోంది, నేను నాలుగు కింద పంపిస్తున్నా, నార్మలైజేషన్ అయ్యాక ఏమైందో చెప్తా." నార్మలైజేషన్ అంటే అందరి రేటింగుల్నీ పోల్చి పైవాళ్లు సర్దడం, అది అయ్యేదాకా అంకె మారొచ్చు. ఇందులో ఫైనల్ అన్న మాట ఎక్కడా లేదు. నేను చెవిలో వేసుకున్నది "నాలుగు" ఒక్కటే.

అసలు నష్టం ఏమిటంటే, ఆ రోజు నేను అడగాల్సిన ప్రశ్న అడగలేకపోయాను. "మీరు నాలుగు పంపారు, మూడుకి ఎందుకు దిగింది, మీకు కారణం ఏం చెప్పారు?" అని అడిగితే ఆయన జవాబు చెప్పాల్సి వచ్చేది. నేను మాత్రం "మీరు మాట తప్పారు" అనే వాదనతో వెళ్లాను, రికార్డింగ్ అది తప్పని చెప్పింది, అక్కడితో మాట్లాడే హక్కే లేనట్టు అయిపోయింది. అప్పీల్‌కి ఉన్న గడువు కూడా ఆ గొడవలోనే పోయింది.

ఇంకో విషయం బయటపడింది. ఆయన 3.8 అన్నారు. నా పేజీలో ఉన్న అంకెలతో లెక్కేయండి: 40ని 4తో గుణిస్తే 160, 30ని 4తో 120, 20ని 4తో 80, 10ని 5తో 50. మొత్తం 410, అంటే 4.1. ఆయన చెప్పిన 3.8తో కలవడం లేదు. ఎక్కడో ఒక అంకె తప్పు విన్నానన్నమాట. రెండో గోల్ దగ్గర మళ్లీ పెడితే తెలిసింది: "దీనికి నాలుగు ఇద్దామనుకున్నా గానీ, డెలివరీ రెండు నెలలు ఆలస్యమైంది కదా, మూడే పెట్టా." నేను ముందొచ్చిన నాలుగు దగ్గరే రాయడం మొదలెట్టాను, ఆ వాక్యం పూర్తయ్యేదాకా ఆగలేదు. అక్కడ 3 పెడితే 120 బదులు 90, మొత్తం 380, సరిగ్గా 3.8. అందుకే ఇప్పుడు రాయడం అవగానే లెక్క వేసి చూస్తాను. వెయిటేజ్‌తో కూడిన రేటింగ్ అయితే ఈ లెక్కకి రెండు నిమిషాలు పట్టదు, తప్పు ఎక్కడో ఉందని అదే చెప్పేస్తుంది. అయితే లెక్క కలిసినంత మాత్రాన అన్నీ సరైనవేనని కాదు, రెండు తప్పులు ఒకదాన్నొకటి సరిచేసుకునే అవకాశం ఉంది. కాబట్టి అంకె వచ్చిన ప్రతి చోటా మామూలు వేగంతో, దానికి ముందు వెనక ఒక వాక్యంతో కలిపి వినాల్సిందే. మీటింగ్ యాప్ ఇచ్చే టెక్స్ట్ ఉంటే ఆ చోటు వెతకడానికి వాడుకోండి గానీ అంకె దాన్నుంచి తీసుకోకండి. "మూడున్నర" దాంట్లో "మూడు" అయిపోవడం నేను చూశాను. ఎవరు మాట్లాడారో కూడా అది కలిపేస్తుంది. నా సెల్ఫ్ రేటింగ్‌ని నేను చదివి వినిపిస్తుంటే అది మేనేజర్ పేరు కింద పడింది.

కాబట్టి రేటింగ్ దగ్గర నేనిప్పుడు రాసే వాక్యం ఇలా ఉంటుంది: "రెండో గోల్ (30%): నేను ఇచ్చుకున్నది 4, మేనేజర్ ఇచ్చింది 3, కారణం డెలివరీ రెండు నెలల ఆలస్యం అన్నారు, 17వ నిమిషం 40వ సెకను. మొత్తం 3.8, మేనేజర్ 4గా పంపుతున్నారు, నార్మలైజేషన్ కాలేదు, మార్చి 18 నాటికి ఖరారు కాదు." ఆ నిమిషం, సెకను రాయడం చాలా ముఖ్యం. ఆరు నెలల తర్వాత యాభై నిమిషాలు మళ్లీ వినే ఓపిక ఎవరికీ ఉండదు, ఆ అంకె ఉంటే అర నిమిషంలో తేలిపోతుంది.

ఇక హామీలు. మనకి ఇక్కడ తెలుగుతోనే ఒక చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరని నాకు చాలా కాలంగా బాధ. మనం మాట్లాడేటప్పుడు కర్తని వదిలేస్తాం. "దీని గురించి హెచ్‌ఆర్‌తో మాట్లాడాలి" అన్నారు మా మేనేజర్. ఎవరు మాట్లాడాలి? నేను "హెచ్‌ఆర్‌తో మాట్లాడతానన్నారు" అని రాసుకుని రెండు నెలలు ఎదురుచూశాను. ఆయన నేనే వెళ్లి మాట్లాడాలన్న ఉద్దేశంతో అన్నారట. రెండు నెలలు ఇద్దరం కదలలేదు. "చూద్దాం", "ట్రై చేస్తా", "పైవాళ్లని అడిగి చూస్తా", "చేస్తా", "అయిపోతుంది" ఇవి అయిదూ అయిదు రకాల మాటలు. "చూద్దాం" హామీ కాదు. "అడిగి చూస్తా" అనేది హామీయే, కానీ అడుగుతానన్నంత వరకే, ఇస్తానని కాదు. "అయిపోతుంది" అన్నప్పుడు ఎవరు చేస్తారో అడగకపోతే అది ఎవరి పనీ కాదు. పేజీలోకి వచ్చేసరికి మనం వీటన్నిటినీ "అన్నారు" కింద తోసేస్తాం, అన్నీ ఒకే బరువుతో కనిపిస్తాయి. ఆశపడిన చోట మన చెయ్యి దానంతట అదే గట్టి మాట రాసేస్తుంది, ఇది అందరికీ జరిగేదే.

అందుకే హామీ ప్రతిదానికీ ఆయన మాట కొటేషన్లో పెట్టి, ఆ తర్వాత ఎవరు చేయాలి, ఎప్పటికి, ఏ షరతు మీద అని రాస్తాను. వీటిలో ఏదైనా మాటల్లో రాకపోతే ఖాళీ వదలను, ఊహించీ రాయను, "చెప్పలేదు" అని రాస్తాను. ఆ "చెప్పలేదు" అన్నదే తర్వాత అడగాల్సిన ప్రశ్న అవుతుంది.

తేదీల దగ్గర ఇంకో దెబ్బ తిన్నాను. "క్యూ టూలో నీకు చిన్న టీమ్ లీడ్ చేసే పని ఇప్పించడానికి ట్రై చేస్తా" అన్నారు. క్యూ టూ అంటే ఏడాదిలో రెండో త్రైమాసికం, నేను జనవరి నుంచి లెక్కేసి ఏప్రిల్-జూన్ అని రాశాను. జూన్ అయిపోయింది, ఏమీ రాలేదు, లోపల లోపల మండిపోయాను. మా కంపెనీ ఏడాది లెక్క ఏప్రిల్‌లో మొదలవుతుంది, కాబట్టి ఆయన ఉద్దేశంలో క్యూ టూ అంటే జూలై-సెప్టెంబర్. "వచ్చే నెల", "రెండు మూడు వారాల్లో" లాంటివి కూడా అంతే, ఆయన మాట అలాగే ఉంచి, పక్కన మీటింగ్ తేదీ నుంచి లెక్కేసిన అసలు తేదీ రాయండి, అది మీరు లెక్కేసిందని తెలిసేలా. మార్చి 18 మీటింగ్‌లో రెండు మూడు వారాలంటే ఏప్రిల్ 1 నుంచి 8 మధ్య అని రాయాలి గానీ ఏప్రిల్ 1 అని కాదు.

మీ అభిప్రాయాలు కూడా రాసుకోండి, కానీ వేరే చోట. "ఆయన ఇబ్బందిగా కనిపించారు", "నాకు అన్యాయం జరిగింది" లాంటివి పేజీ కింద గీత గీసి, దాని కింద. పైన కలిపితే తర్వాత ఎవరికైనా చూపించాల్సి వచ్చినప్పుడు నిజమైన అంకెల్ని కూడా నమ్మరు. అలాగే మిమ్మల్ని విమర్శించిన మాటల్ని వదిలేయకండి. నేను మొదటిసారి రెండు నెలల ఆలస్యం ఊసే ఎత్తలేదు, పొగడ్తలన్నీ రాశాను. అలాంటి పేజీ ఫైల్‌లో ఉన్నా లేనట్టే.

హెచ్‌ఆర్ ఫారాల మీద నాకు కోపం కూడా ఉంది. ఏడాది పని మీద గంట మాట్లాడతాం, ఫారంలో మాత్రం "మీటింగ్ జరిగింది, అవును/కాదు" అని ఒక టిక్కు, ఒక చిన్న పెట్టె. ఆ పెట్టెలో అందరూ "చర్చ బాగా జరిగింది" అని రాస్తారు. హామీ కోసం విడిగా ఒక గడి పెట్టడానికి ఏం కష్టమో నాకు అర్థం కాదు.

పేజీ రాశాక మర్నాడో ఆ మర్నాడో, ఇద్దరికీ గుర్తున్నప్పుడే, మేనేజర్‌కి మెయిల్ పెట్టండి. మొత్తం పేజీ అక్కర్లేదు, రేటింగులు, హామీలు చాలు. "నేను ఇలా అర్థం చేసుకున్నాను, తప్పుంటే సరిచేయండి" అని రాయండి. ఆయన ఏదైనా సరిచేస్తే మీ పాత వాక్యం చెరిపేయకండి, దాని కిందే తేదీ వేసి "మేనేజర్ మెయిల్‌లో ఇలా మార్చారు" అని చేర్చండి. రికార్డింగ్‌లో ఉన్నది ఒకటి, తర్వాత ఒప్పుకున్నది ఒకటి, రెండూ కనిపించాలి. ఆయన జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టు రాయకండి, "జవాబు రాలేదు" అని రాయండి. ఒక జాగ్రత్త, రికార్డ్ చేయడానికి ఒప్పుకున్నారంటే దాన్ని మీ సొంత ఫోన్లోనో మెయిల్లోనో పెట్టుకోవడానికి ఒప్పుకున్నట్టు కాదు, కంపెనీ పాలసీ చూసుకోండి. చాలా చోట్ల కొన్నాళ్లకి మీటింగ్ రికార్డింగ్ దానంతట అదే డిలీట్ అయిపోతుంది, ఆ తేదీ తెలుసుకుని ఆలోపే పేజీలోని ప్రతి అంకెనీ ఒకసారి సరిచూసుకోండి.

నిరుడు మార్చిలో అలా మెయిల్ పెడితే మా మేనేజర్ ఒకే ఒక్క వాక్యం రాశారు: "మూడో పాయింట్‌లో నేను ట్రై చేస్తా అన్నాను, కానీ ఆ టీమ్ పని ఇప్పిస్తాను, జూలై 15 లోపు." ఇప్పించారు, జూలై 11న.