న్యాయ సలహా: అన్నమయ్య కీర్తనకు ‘సంగీతం: సంప్రదాయం’ అని రాయవచ్చా?

ప్రశ్న: లాయరు గారూ, మాది హైదరాబాద్, మల్కాజిగిరి. మా భజన మండలిలో అన్నమయ్య కీర్తనలు పాడతాను. ‘నానాటి బతుకు నాటకము’ రేవతి రాగంలో, నెదునూరి గారి వరసలో స్టూడియోలో రికార్డ్ చేయించాను. యూట్యూబ్‌లో పెట్టాలని ఉంది. ‘రచన: అన్నమాచార్యులు, సంగీతం: సంప్రదాయం’ అని రాసి, కింద సాహిత్యం పెడదామనుకుంటున్నాను. అర్థం ఒక పుస్తకంలోంచి తీసుకుని, మాటలు కొంచెం మార్చి, దాన్నే ఇంగ్లిష్‌లోకి కూడా అనువదించాను. డబ్బు కోసం కాదు, మానిటైజేషన్ ఆన్ చేయను. గుడిలో ఎన్నోసార్లు పాడాం, ఎవరూ అడగలేదు. కాపీరైట్ టెన్షన్ ఏమైనా ఉంటుందా? డిస్క్రిప్షన్‌లో ఏం రాయాలి?

జవాబు: కీర్తన సాహిత్యం గురించి మీకు భయం అక్కర్లేదు. అన్నమయ్య 15వ శతాబ్దపు వాగ్గేయకారుడు. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రచయిత చనిపోయిన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు మాత్రమే రచనపై హక్కు ఉంటుంది. ఆ పదాలను ఎవరైనా పాడుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు.

చిక్కు వరసతో వస్తుంది. చట్టం సంగీతాన్ని మాటల నుంచి విడదీసి, దాన్ని వేరే కృతిగా చూస్తుంది. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద కీర్తనల సాహిత్యం, రాగాల పేర్లు ఉన్నాయి కానీ స్వరాలు లేవు. అందుకే ఈరోజు మనం వింటున్న వరసల్లో చాలాభాగం 20వ శతాబ్దపు విద్వాంసులు కూర్చినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో కన్నుమూశారు. ఆయన వరసలకు రక్షణ 2039 చివరి దాకా ఉంటుంది. మీరు పాడిన రేవతి వరస నెదునూరి కృష్ణమూర్తి గారిది. ఆయన 2014 డిసెంబరులో కన్నుమూశారు కాబట్టి లెక్క 2015 జనవరి నుంచి మొదలై 2074 డిసెంబరు దాకా నడుస్తుంది. అదే మీరు త్యాగరాజ కీర్తన ఒకటి గురుశిష్య పరంపరలో వచ్చిన పాఠాంతరం ప్రకారం పాడి ఉంటే, సాహిత్యం, వరస రెండూ పాతవే కాబట్టి ఇంత చర్చ ఉండేది కాదు.

కాబట్టి ‘సంగీతం: సంప్రదాయం’ అని రాయకండి. అది నిజం కాదు. వరస కట్టినవారి పేరు చెప్పించుకునే హక్కు 57వ సెక్షన్ కింద ఉంది. సంగీత హక్కులు వేరొకరికి రాసి ఇచ్చేసినా ఆ పేరు హక్కు పోదు. ఆయన తర్వాత వారసులు కూడా దాన్ని కోర్టులో అడగవచ్చు. తెలిసీ పేరు తీసేశారని మీ మీద అనుమానం రావడానికి ఆ ఒక్క మాట చాలు. ఎందుకంటే మీకు ఆ వరస ఎవరిదో తెలుసు, మీ ప్రశ్నలోనే రాశారు. చట్టం మాట అటుంచినా, ఒక కీర్తనకు ఇంత అందమైన వరస ఇచ్చిన మనిషి పేరు చెరిపేసి పాడటం సబబు కాదు.

అయితే పేరు రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. గుడిలో ఉత్సవానికి పాడినప్పుడు ఎవరూ అడగకపోవడానికి కారణం ఉంది. నిజమైన మతపరమైన వేడుకలో పాడటాన్ని 52వ సెక్షన్ ఉల్లంఘనగా చూడదు. కానీ ఆ మినహాయింపు అక్కడ జరిగే గానానికే. స్టూడియోలో రికార్డ్ చేయడం, దాన్ని లోకమంతా వినేలా నెట్‌లో పెట్టడం వేరే పనులు. వాటికి వరస హక్కుదారుల అనుమతి కావాలి. మానిటైజేషన్ ఆపినా ఈ మాట మారదు. లాభం తీసుకోలేదన్నది నష్టపరిహారం లెక్కలో, శిక్ష విషయంలో మీకు కొంత సాయపడుతుందంతే. పైగా హక్కుదారులు తాము ఉండే ఊరి జిల్లా కోర్టులోనే దావా వేసే వీలు చట్టం ఇచ్చింది. అంటే హైదరాబాద్ నుంచి వాయిదాలకు తిరగాల్సింది మీరే.

అనుమతి ఎవరిని అడగాలి? ఇద్దరిలో ఒకరు హక్కుదారులు అయి ఉంటారు. ఆ వరసను విద్వాంసుడు సొంతంగా కడితే హక్కు ఆయన వారసులది. ఏదైనా సంస్థలో ఉద్యోగంలో భాగంగానో, హక్కులు రాసి ఇచ్చే ఒప్పందం మీదో కడితే ఆ సంస్థది. మీరు ముందు కుటుంబానికి ఒక ఉత్తరం రాసి, ‘ఈ వరస హక్కులు మీ దగ్గరే ఉన్నాయా, వేరే సంస్థకు ఇచ్చారా’ అని సూటిగా అడగండి. గొప్ప విద్వాంసుల కుటుంబాలు భక్తితో పాడే వాళ్లను ఊరికే తిప్పి పంపవని నా అభిప్రాయం. వాళ్లు ‘పాడుకో అమ్మా’ అని ఫోన్‌లో అంటే సంతోషమే కానీ దాంతో సరిపెట్టకండి. లైసెన్సు రాతలో, సంతకంతో ఉండాలి.

ఆ కాగితంలో రెండు విషయాలు తప్పకుండా రాయించుకోండి. ఎంతకాలం అన్నది రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా తీసుకుంటుంది. ఏ ప్రాంతానికి అన్నది రాయకపోతే భారతదేశానికే పరిమితం అనుకుంటుంది. మీ వీడియో అమెరికాలోని మీ చుట్టాలు కూడా చూస్తారు కదా. అందుకని ‘ప్రపంచమంతటా, ఇంటర్నెట్ వేదికలన్నింటిలో, ఆడియోగా, వీడియోగా, ఫలానా సంవత్సరం దాకా’ అని స్పష్టంగా ఉండాలి. అనుమతి రాకపోతే ఇంకో దారి ఉంది. మీ గురువు గారి చేత కొత్త వరస కట్టించుకుని, ఆయన నుంచి ఇదే రకం కాగితం తీసుకోండి. సాహిత్యం అందరిదీ కాబట్టి దానికి ఎవరూ అడ్డు చెప్పలేరు.

ఇక సాహిత్యం ఎక్కడి నుంచి తీసుకున్నారన్నది. ఏదో వెబ్‌సైట్ నుంచి కాపీ చేస్తే అక్షర దోషాలు కూడా వెంట వస్తాయి. తిరుమల తిరుపతి దేవస్థానం ముద్రించిన సంపుటాల్లో ప్రతి కీర్తనకూ రేకు సంఖ్య, సంపుటం సంఖ్య, కీర్తన సంఖ్య ఉంటాయి. ఆ పుస్తకం చూసి టైప్ చేసి, ఆ మూడు సంఖ్యలూ ఇవ్వండి. కీర్తన పాఠం మీద ఎవరికీ కాపీరైట్ లేకపోయినా, సంపాదకులు రాసిన పీఠిక, అధస్సూచికలు, వివరణలు వాళ్ల సొంత రచన. సుప్రీంకోర్టు 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో తీర్పుల గురించి ఇలాంటి గీతే గీసింది. తీర్పు పాఠం అందరిదీ, సంపాదకుడు తన నేర్పుతో చేర్చింది మాత్రం అతనిది. కాబట్టి పాఠం తీసుకోండి, వివరణలు వదిలేయండి.

మీ ప్రశ్నలో నాకు ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది అర్థం సంగతి. ఆ పుస్తకం రాసిన వారి తాత్పర్యం వారి రచన. నాలుగు మాటలు మార్చినా అది వారిదే. దాన్ని ఇంగ్లిష్‌లోకి అనువదిస్తే, మీరు అనువదించింది అన్నమయ్యను కాదు, ఆ పుస్తకాన్ని. అనువాదం చేసే, చేయించే హక్కు 14వ సెక్షన్ ప్రకారం రచయితది. కాపీ జరిగిందని ఎలా తెలుస్తుందని అడుగుతారేమో. కీర్తనలో లేని ఒక ఉపమానం ఆ పుస్తకంలో ఉండి, అది మీ డిస్క్రిప్షన్‌లో కూడా కనిపిస్తే చాలు. వాక్యాల వరుస ఒకేలా ఉన్నా, పుస్తకంలోని పొరపాటు మీ దగ్గర కూడా ఉన్నా అంతే. భావం ఎవరి సొత్తూ కాదు, చెప్పిన తీరుకే రక్షణ ఉంటుందని 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మీకు మేలు చేసే మాటే.

అందుకని ఇలా చేయండి. ఇప్పుడు రాసుకున్నది పక్కన పడేసి, పల్లవి, చరణాలు ముందు పెట్టుకుని, తెలియని పదాలకు నిఘంటువు చూసి, మీకు అర్థమైనట్టు రాయండి. ఇంగ్లిష్ కూడా నేరుగా కీర్తన నుంచే చేయండి. ఒకచోట ఆ పండితుడి వ్యాఖ్య మీకు బాగా నచ్చితే, ఒకటి రెండు వాక్యాలు కొటేషన్ గుర్తుల్లో, వారి పేరు, పుస్తకం పేరుతో పెట్టి, దాని మీద మీ మాట చెప్పండి. వ్యాఖ్యానం కోసం అంతమాత్రం వాడుకోవడాన్ని చట్టం ఒప్పుకుంటుంది. మొత్తం తాత్పర్యమే కావాలంటే రచయితకు రాసి అనుమతి తీసుకోండి.

వాద్యకారుల సంగతి కూడా. వయొలిన్, మృదంగం వాయించిన వారికి ప్రదర్శకులుగా 50 ఏళ్ల హక్కులు, పేరు చెప్పించుకునే హక్కు ఉన్నాయి. పారితోషికం ఇచ్చిన రశీదు మీదే ‘ఈ రికార్డింగ్‌ను ఇంటర్నెట్‌లో పెట్టడానికి సమ్మతి’ అని ఒక వాక్యం రాయించి సంతకం తీసుకోండి. రికార్డింగ్‌కు పూనుకుని బాధ్యత తీసుకున్నది మీరు కాబట్టి చట్టం దృష్టిలో నిర్మాత మీరే. స్టూడియో బిల్లు మీ పేరు మీద ఉండేలా చూసుకోండి.

డిస్క్రిప్షన్ ఇలా ఉంటే చాలు. మూడో వరుసలోని అనుమతి మాట కాగితం చేతికి వచ్చాకే రాయాలి.

శీర్షిక: నానాటి బతుకు నాటకము | అన్నమాచార్య కీర్తన | రేవతి
రచన: తాళ్లపాక అన్నమాచార్యులు
స్వరకల్పన: నెదునూరి కృష్ణమూర్తి గారు (హక్కుదారుల రాతపూర్వక అనుమతితో)
గానం: మీ పేరు
వయొలిన్, మృదంగం: వాయించిన వారి పేర్లు
రికార్డింగ్, మిక్సింగ్: స్టూడియో పేరు, హైదరాబాద్
సాహిత్యం: తి.తి.దే. ప్రచురణ, సంపుటం, రేకు, కీర్తన సంఖ్యలు
తెలుగు తాత్పర్యం, ఇంగ్లిష్ అనువాదం: మీ పేరు (కీర్తన మూలం నుంచి)
ఈ రికార్డింగ్ హక్కులు: మీ పేరు, చిరునామా, మొదట ప్రచురించిన సంవత్సరం

దీని కింద సాహిత్యం, ఆ తర్వాత తాత్పర్యం, అనువాదం పెట్టండి. ‘కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు’ అనే వాక్యం మాత్రం వద్దు. దానికి ఏ విలువా లేదు, పైగా హక్కు వేరేవాళ్లదని మీకు తెలుసని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. చాలా భక్తి ఛానళ్లు ‘కాపీరైట్ యాక్ట్ 1976, సెక్షన్ 107’ అని అతికిస్తుంటాయి. అది అమెరికా చట్టం. హైదరాబాద్‌లో రికార్డ్ చేసిన మీ పాటకు ఇక్కడి కోర్టులో అది ఉపయోగపడదు.

అన్నీ సరిగ్గా చేసినా, మీ పాట తమ దానితో కలుస్తోందని యూట్యూబ్‌లో వేరొకరి పేరు మీద ‘కంటెంట్ ఐడీ క్లెయిమ్’ రావచ్చు. కంగారు పడకండి, అది ఛానల్‌కు దెబ్బ తగిలే స్ట్రైక్ కాదు. క్లెయిమ్ దేని మీద అని ముందు చూడండి. వరస మీద అయితే, మీ లైసెన్సు ఇచ్చినవారి పేరు, క్లెయిమ్ చేసినవారి పేరు ఒకటేనా అని పోల్చండి. వేరైతే మీకు లైసెన్సు ఇచ్చినవారికి ముందు ఆ విషయం రాయండి. ఏదో కంపెనీ తన సౌండ్ రికార్డింగ్ అని మీ గొంతు మీద క్లెయిమ్ వేస్తే, అది పొరపాటు. స్టూడియో బిల్లు, వాద్యకారుల రశీదులు దగ్గర పెట్టుకుని ధైర్యంగా డిస్ప్యూట్ చేయండి. క్లెయిమ్ చేసినవారికి జవాబివ్వడానికి 30 రోజులు గడువు ఉంటుంది, ఆలోగా స్పందించకపోతే క్లెయిమ్ తొలగిపోతుంది. లైసెన్సు లేకుండా వరస పాడి, వచ్చిన క్లెయిమ్‌ను మాత్రం డిస్ప్యూట్ చేయకండి. అప్పుడు అవతలివాళ్లు వీడియో తీసేయమని నోటీసు ఇవ్వవచ్చు, దాంతో మీ ఛానల్ మీద నిజంగానే స్ట్రైక్ పడుతుంది.