డాక్టర్ సలహా: అప్రైజల్‌లో అలసట గురించి ఎలా రాయాలి?

ప్రశ్న: రుషికొండలోని ఒక ఐటీ కంపెనీలో మేనేజర్‌ని. మా టీమ్‌లో అందరికంటే బాగా పనిచేసే ఇంజినీర్‌కు 31 ఏళ్లు. మూడు నెలలుగా ఆమె బాగా అలసిపోయినట్టు కనిపిస్తున్నారు. అర్ధరాత్రి దాటాక మెయిల్స్ పంపుతున్నారు, మధ్యాహ్నం మాతో భోజనానికి రావడం మానేశారు, జూనియర్లను కసురుకుంటున్నారు. పనిలో మాత్రం లోపం లేదు. వచ్చే వారం ఆమె అప్రైజల్ రాయాలి. మెచ్చుకుంటే పని ఇంకా పెరుగుతుందేమో, అలసట గురించి రాస్తే ప్రమోషన్ పోతుందేమోనని భయం. ఏం రాయమంటారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బాగా పనిచేసేవారిలో అన్నిటికంటే చివర దెబ్బతినేది పనే. ముందు నిద్ర పోతుంది, తర్వాత తిండి, ఆ తర్వాత మనుషులతో ఓపిక. మూడు గంటల్లో అయ్యే పనికి ఐదు గంటలు పట్టడం మొదలవుతుంది. ఆ రెండు గంటలూ రాత్రి నిద్రలోంచి తెచ్చి సర్దుతారు. చేతికి వచ్చే పని అదే కాబట్టి రేటింగ్ పట్టికలో ఏ తేడా కనిపించదు. మీరు మెయిల్ వచ్చిన వేళను, ఖాళీగా ఉన్న భోజనం కుర్చీని చూశారు. అది సరైన చూపే.

అయినా ఆ ఫారంలో 'బర్న్‌అవుట్' అనే మాట రాయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని తన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో చేర్చింది కానీ జబ్బుగా కాదు, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా. ఎడతెగని పని ఒత్తిడిని సరిగా తగ్గించనప్పుడు శక్తి అడుగంటడం, పని మీద విముఖత, నావల్ల కావడం లేదనే భావన, ఈ మూడూ కలిస్తే ఆ పేరు పెడతారు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బీ12 తక్కువ కావడం, షుగర్, డిప్రెషన్ కూడా బయటికి దాదాపు ఇలాగే కనిపిస్తాయి. ఏది అన్నది తేల్చాల్సింది డాక్టరు. మీరు ఊహించి రాసిన మాట మాత్రం ఆమె ఫైల్‌లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ఇక మెచ్చుకోలు. కొన్నేళ్ల క్రితం నా దగ్గరకు వచ్చిన ఒకావిడ తన అప్రైజల్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో తెచ్చుకున్నారు. అందులో ఒక వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి ఉంది: 'చెల్లెలి పెళ్లి సెలవులో ఉండి కూడా ల్యాప్‌టాప్ తెరిచి సమస్య పరిష్కరించారు.' రాసినవాడు ప్రేమతోనే రాశాడు. ఆమె మాత్రం "అంటే వచ్చే ఏడాది కూడా తెరవాలన్నమాట" అని నవ్వారు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. దేన్ని మెచ్చుకుంటే అదే మరుసటి ఏటి కొలబద్ద అవుతుంది. కాబట్టి ఆమె నైపుణ్యాన్ని, తీసుకున్న నిర్ణయాన్ని, దానివల్ల జరిగిన మేలును మెచ్చుకోండి. రాత్రిళ్లు మేలుకోవడాన్ని, సెలవులు వదులుకోవడాన్ని, 'ఎంత పని ఇచ్చినా కాదనరు' అనే గుణాన్ని మెచ్చుకోకండి.

రాయడానికి కూర్చునే ముందు ఒక కాగితం మీద ఆమె వారాన్ని లెక్కకట్టండి. ఉదాహరణకు, ఆఫీసు రోజుకు 9 గంటల చొప్పున 45. వారంలో నాలుగు రాత్రులు అమెరికా క్లయింట్‌తో రెండేసి గంటల కాల్స్, అంటే 8. శనివారం సాఫ్ట్‌వేర్ విడుదల పని 5. మొత్తం 58 గంటలు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35–40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. ఆమెకు రేపే ఏదో అవుతుందని దీని అర్థం కాదు. కానీ మీ పై అధికారి ముందు 'పాపం, అలసిపోయింది' అనే మాట కంటే ఈ 58 గట్టిగా నిలబడుతుంది.

ఇప్పుడు తీసివేతలు. రాత్రి కాల్స్‌లో రెండింటిని మరొకరికి అప్పగిస్తే 4 గంటలు తగ్గుతాయి. శనివారం పని వారం విడిచి వారం చేస్తే సగటున రెండున్నర. మిగిలేది 51న్నర. ఇదీ ఎక్కువే, కానీ మొదటి మెట్టు. ఈ మార్పు అప్రైజల్‌కు ముందే మొదలవ్వాలి. పని తగ్గించకుండా 'ఆరోగ్యం చూసుకోండి' అని రాస్తే, పాత పనులకు అదొకటి తోడైనట్టే.

మీ ఫారంలోకి ఇలాంటి పేరా పనికొస్తుంది, వివరాలు మీవి పెట్టుకోండి: 'చెల్లింపుల విభాగంలో పదేపదే వస్తున్న లోపానికి మూలం కనిపెట్టి సరిచేశారు. ఆ తర్వాత ఆ ఫిర్యాదు మళ్లీ రాలేదు. ఈ ఏడాది ఆమెకు అప్పగించిన పని ఒక వ్యక్తి చేయదగిన దానికంటే ఎక్కువ. ఆ పంపిణీ నా బాధ్యత. ఈ నెల నుంచి రెండు రాత్రి కాల్స్, ఒకటి విడిచి ఒకటి శనివారాలు ఇతరులు చూసుకుంటారు. వచ్చే ఏడాది లక్ష్యాలు ఈ తగ్గిన పనిని బట్టే నిర్ణయించాం.' ఇందులో అలసట ఆమె లోపంగా ఎక్కడా లేదు. పని భారానికి కర్త మీరే. రేటింగ్ ఆమె సంపాదించుకున్నదే ఇవ్వండి, దయతో ఒక మెట్టు తగ్గించకండి, ప్రమోషన్‌ను వాయిదా వేయకండి.

జూనియర్లను కసురుకోవడం గురించి ఫారంలో రాయవద్దనే నా అభిప్రాయం. మూడు నెలల మాటను ఏడాది గుణంగా ముద్ర వేయడం న్యాయం కాదు. అలాగని వదిలేయకండి, ఆ పిల్లలూ బాధపడుతున్నారు కదా. తలుపు వేసి ఆమెతో విడిగా చెప్పండి: "మంగళవారం మీటింగ్‌లో అతని మాట మధ్యలో రెండుసార్లు ఆపేశారు. మీరు మామూలుగా అలా చేయరు. పని ఎక్కువైందా?" ఆ తర్వాత మీరు మాట్లాడకండి. మొదటి జవాబు 'ఏం లేదు సార్' అనే వస్తుంది. కాస్త ఆగితే రెండోది వస్తుంది.

ఆ సంభాషణలో రోగ నిర్ధారణ అడగకండి, సర్టిఫికెట్ తెమ్మనకండి. 'ఒకసారి డాక్టరుకు చూపించుకోండి, లీవు సంగతి నేను చూసుకుంటాను' అంటే చాలు. సెలవు రోజుల్లో కూడా నిద్ర పట్టకపోవడం, ఇష్టమైనవేవీ రుచించకపోవడం రెండు వారాలకు మించి ఉంటే అది పనికి మాత్రమే సంబంధించినది కాకపోవచ్చు, మానసిక వైద్యులు చూడాలి. చిన వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. 'నేను లేకపోతేనే నయం' వంటి మాట ఆమె నోటి నుంచి వస్తే అప్రైజల్ పక్కన పెట్టండి. ఆమెను ఒంటరిగా వదలకండి, ఇంట్లోవారికి చెప్పి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లే ఏర్పాటు చేయండి.

రాసింది హెచ్‌ఆర్‌కు పంపే ముందు ఆమెకు చూపించండి. పని భారం గురించిన వాక్యాలు ఉండాలో వద్దో ఆమెనే చెప్పనివ్వండి. కొట్టేయమంటే కొట్టేయండి, కానీ రాత్రి కాల్స్‌లో తగ్గించిన ఆ రెండూ మాత్రం తిరిగి ఆమెకు ఇవ్వకండి. ఆరు వారాల తర్వాత అదే కాగితం తీసి ఆమె గంటలు మళ్లీ కూడి చూడండి.